ఫోన్ ఆటలో పింగ్ - వీపీఎన్ సంగతి

షోలాపూర్ పూర్వభాగంలోని మన పిల్లలు ఆట ఆగి ఆగి నడిస్తే డీఎన్ఎస్ మారుస్తున్నారు. సర్వరు పేరుకు చిరునామా వెతికి ఇవ్వడంతో దాని పని సరి. ఆట మొదలయ్యాక పింగ్‌తో దానికి సంబంధం లేదు.

వీపీఎన్ దారినే మారుస్తుంది. సర్వరు ముంబైలో ఉందనుకోండి, దూరం సుమారు 400 కిలోమీటర్లు. ఫైబర్‌లో సంకేతం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక ఈ దూరానికి రానుపోను 4 మిల్లీసెకన్లే. సింగపూర్ వీపీఎన్ పెడితే సంకేతం అక్కడిదాకా పోయి ముంబైకి తిరిగి రావాలి. అదనంగా సుమారు 8 వేల కిలోమీటర్లు, అంటే రానుపోను 80 మిల్లీసెకన్లు. దీనికి నెలనెలా డబ్బు కట్టేవారూ ఉన్నారు!

మన నెట్ కంపెనీయే చుట్టుదారిన పంపుతుంటే మాత్రం ముంబై వీపీఎన్‌తో పింగ్ తగ్గవచ్చు. ఒకే వేళలో, ఒకేచోట కూర్చుని, వీపీఎన్‌తోనూ అది లేకుండానూ మూడేసిసార్లు చూడండి. రెండు విధాలా అంకె ఎగిరిపడుతుంటే ముందు వైఫైకి దగ్గరగా జరిగి చూడాలి.