చివరి పనిదినం తేదీ సరిచూసుకోండి

ప్రశ్న: తడ దగ్గర శ్రీసిటీలో మూడేళ్లు పనిచేసి మానేశాను. రిలీవింగ్ లెటర్ ఇచ్చారు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా అడగాలా?

జవాబు: తప్పకుండా అడగండి. రిలీవింగ్ లెటర్ మిమ్మల్ని విధుల నుంచి వదిలిన తేదీని చెబుతుంది. ఏ హోదాలో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశారో చెప్పేది రెండోది. జూన్ 1న రాజీనామా ఇచ్చి, నోటీసు ప్రకారం 30 దాకా పనిచేస్తే, రెండింటిలోనూ చివరి పనిదినం జూన్ 30 అనే ఉండాలి. పీఎఫ్ ఖాతాలో వేరే తేదీ పడితే కొత్త కంపెనీ తనిఖీలో చిక్కొస్తుంది.

‘బకాయిలన్నీ ముట్టాయి’ అన్న కాగితంపై డబ్బు ఖాతాలో పడకముందే సంతకం చేయకండి. వేతనాల కోడ్, 2019 ప్రకారం రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో జీతం చెల్లించాలి. ఇక సర్టిఫికెట్‌లో ప్రవర్తన గురించి ‘సంతృప్తికరం’ అని ఉంటే చాలు. నిరాధారమైన వ్యాఖ్య రాస్తే, సవరించమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్‌లోనే అడగండి.