వాటర్‌షెడ్ ప్రాజెక్టు ముగింపు నివేదిక: వెల్దుర్తి మెట్ట ప్రాంతానికి అన్వయం

పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలం నల్లమల అంచున ఉన్న మెట్ట ప్రాంతం. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం ద్వారా నీరందించదలచిన మండలాలలో ఇదొకటి. ఇటువంటి చోట కురిసిన వాననీటిని నిలుపుకొనుటకు వాటర్‌షెడ్ పనులే ఆధారం. వాటికి వర్తించిన 2008 ఉమ్మడి మార్గదర్శకాలు ప్రాజెక్టును సన్నాహక దశ, పనుల దశ, స్థిరీకరణ-ఉపసంహరణ దశ అని మూడుగా విభజించినవి. ముగింపు నివేదిక తయారయ్యేది చివరి దశలోనే.

మెట్ట భూములకు హెక్టారుకు రూ.12,000 చొప్పున, వెయ్యి హెక్టార్ల ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకొందాం. మొత్తం రూ.1.20 కోట్లు. 2011 సవరణ ప్రకారం ఇందులో పనులకు 56 శాతం, అనగా రూ.67.20 లక్షలు, స్థిరీకరణకు 3 శాతం, అనగా రూ.3.60 లక్షలు.

పని పూర్తి కావడం వేరు, దానిని అంగీకరించడం వేరు. ఎం.బుక్‌లో కొలతలు నమోదైనంత మాత్రాన చెక్‌డ్యాంను అంగీకరించినట్లు వ్రాయరాదు. కనీసం ఒక వర్షాకాలం నీరు నిలిచిన పిదప కట్ట దిగువన ఊట ఉన్నదా, అలుగు ప్రక్కల మట్టి కోతకు గురైనదా అని పరిశీలించాలి. దిగువన వచ్చే ఊట నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. బురదగా వస్తే పునాది మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గ్రహించి, ఆ పనిని పెండింగు జాబితాలో చేర్చాలి.

తుది వ్యయంలో తరచు దొర్లే పొరపాటు అడ్వాన్సులను ఖర్చుగా చూపడం. వోచర్లతో సర్దుబాటు కానంతవరకు అడ్వాన్సు ఖర్చు కాదు. చెల్లించవలసిన బిల్లులను, మిగిలిన నిల్వను విడివిడిగా చూపినప్పుడే లెక్క బ్యాంకు పుస్తకంతో సరిపోతుంది.

అప్పగింతలోనే అసలు చిక్కు ఉన్నది. ప్రాజెక్టు కాలం ముగిసిన పిదప ఉమ్మడి ఆస్తుల నిర్వహణకు ఉద్దేశించినది వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి. సొంత భూములలో చేసిన పనులకు రైతులు చెల్లించే వాటా దీనికి జమ అవుతుంది. ఆ వాటా సాధారణంగా కనీసం 10 శాతం. ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులకు 5 శాతం. పై ఉదాహరణలో రూ.40 లక్షల పనులు చిన్న, సన్నకారు రైతుల భూములలో జరిగినవనుకొంటే నిధికి చేరేది రూ.2 లక్షలు. మిగిలిన రూ.27.20 లక్షల ఉమ్మడి కట్టడాలకు ఏటా 2 శాతం మరమ్మతు ఖర్చు అంచనా వేసినా రూ.54,400 అవసరం. వడ్డీని మినహాయిస్తే నిధి నాలుగేళ్లు కూడా నిండదు. రైతుల వాటా కాగితంపైనే వసూలై ఉంటే మొదటి ఏడాదికే లోటు. కావున నిధి నిల్వను పాస్‌బుక్‌తో ధ్రువీకరించకుండా సంతకాలు చేయించడం తగదు.

అప్పగింత పత్రంలో ప్రతి కట్టడానికి సర్వే నంబరు, ప్రస్తుత స్థితి, పూడిక తీయవలసిన మట్టం, బాధ్యత వహించే వినియోగదారుల సంఘం పేరు ఉండాలి. నాలుగో ఏడాది తరువాత మరమ్మతుల ఖర్చును గ్రామ పంచాయతీ భరించునా, సంఘ సభ్యులు రుసుము చెల్లింతురా అన్నది గ్రామసభ తీర్మానంగా జతపరచాలి. ఆ తీర్మానం లేని కట్టడాన్ని అప్పగించినట్లు కాక, పెండింగు అంశంగానే చూపడం సరైన పద్ధతి.