లింగాకర్షక బుట్టల గణాంకాల విశ్లేషణలో చాట్‌బాట్ వినియోగం: ఫలితాలను సరిచూసే విధానం

పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఉధృతిని అంచనా వేయడానికి లింగాకర్షక బుట్టలలో పడిన రెక్కల పురుగుల సంఖ్యను ప్రతి దినం నమోదు చేస్తారు. ఒక్కొక్క బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు రెక్కల పురుగులు పడితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు భావించి సస్యరక్షణ చర్యలు సూచిస్తారు. ఇటీవల ఇటువంటి గణాంకాలను స్ప్రెడ్‌షీట్‌గా దించుకొని, చాట్‌బాట్‌కు అందించి విశ్లేషణ కోరడం పెరుగుతోంది. అయితే చాట్‌బాట్ దస్త్రమంతటినీ చదివిందా, కొన్ని వరుసలను మాత్రమే చూసి నిర్ణయం చెప్పిందా అన్నది తేల్చుకోకుండా ఆ ఫలితం ఆధారంగా రైతులకు సలహా ఇవ్వరాదు.

ఉదాహరణ దస్త్రం

పద్ధతిని వివరించేందుకు ఒక ఊహాత్మక దస్త్రాన్ని తీసుకొనవచ్చు. ముప్పై బుట్టలలో జూలై 1 నుండి నవంబరు 27 వరకు 150 రాత్రుల నమోదు ఇందులో ఉంది. మొత్తం 4,500 వరుసలు తేదీల క్రమంలో ఉన్నాయి. A కాలమ్‌లో తేదీ, B లో మండలం, C లో గ్రామం, D లో బుట్ట సంఖ్య, E లో రెక్కల పురుగుల సంఖ్య ఉన్నాయి. బుట్టను పరిశీలించని రోజులలో E గడి ఖాళీగా ఉంది. రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న కాలమ్‌లను దస్త్రం అందించడానికి ముందే తొలగించారు.

పురుగు పరిమితి దాటిందా అని అడిగినపుడు, సరాసరి రాత్రికి 0.8 మాత్రమే ఉన్నందున చర్యలు అవసరం లేదని చాట్‌బాట్ తెలిపిందనుకుందాం. అది చూసినవి మొదటి 600 వరుసలు మాత్రమే. తేదీల క్రమంలో ఉన్న దస్త్రంలో ఆ వరుసలు జూలై నెలలోని తొలి 20 రాత్రులకు చెందినవి. అప్పటికి పైరుపై పూత, కాయలు లేవు కనుక పురుగు తక్కువగా ఉండడం సహజం. కాయ దశలో, అక్టోబరు నుండి పెరిగిన ఉధృతి ఆ వరుసలలో కనిపించదు. లెక్క తప్పు కాకపోయినా, దాని నుండి తీసిన నిర్ణయం పూర్తిగా తప్పు.

ఇటువంటి పొరపాటు ఎందుకు కలుగుతుంది

చాట్‌బాట్ దస్త్రాన్ని రెండు విధాలుగా చూడగలదు. మొదటి విధానంలో వరుసలను పాఠ్యంగా చదువుతుంది. ఒకసారి చదవగలిగే పాఠ్యానికి పరిమితి ఉన్నందున పెద్ద దస్త్రంలో కొంత భాగం విడిచిపోవచ్చు. చదివిన భాగంలో కూడా కూడికలు నమ్మదగినవిగా ఉండవు. రెండవ విధానంలో ఒక ప్రోగ్రాం రాసి, దానిని దస్త్రంపై నడిపి ఫలితం తెస్తుంది. విశ్లేషణకు ఈ విధానమే తగినది. అయినా ప్రోగ్రాంలో `head()` వంటి ఆదేశం ద్వారా తొలి ఐదు వరుసలను మాత్రమే చూసి, వాటిని బట్టి వ్యాఖ్యానం రాసే సందర్భాలు ఉంటాయి. అందుచేత నడిపిన ప్రోగ్రాంను చూపించమని తప్పక కోరాలి.

వరుసలను యాదృచ్ఛికంగా ఎంచుకొంటే సమస్య తీరుతుందని భావించరాదు. అటువంటి నమూనాతో సరాసరిని అంచనా వేయవచ్చు గాని, వరుసగా మూడు రాత్రులు అనే నియమాన్ని పరీక్షించడం సాధ్యం కాదు. నమూనాలో ఒక బుట్టకు చెందిన రాత్రుల క్రమం తెగిపోతుంది.

ప్రశ్నను రూపొందించడం

దస్త్రంలో ఏముందో చెప్పమని అడగడం కంటే, తీసుకొనవలసిన నిర్ణయానికి సరిపడేలా ప్రశ్న ఉండాలి. ఉదాహరణకు: “దస్త్రంలోని అన్ని వరుసలను ప్రోగ్రాం ద్వారా చదవండి. నమూనా తీసుకోవద్దు. ముందుగా వరుసల సంఖ్య, E లో సంఖ్య ఉన్న గడులు, వాటి మొత్తం, తొలి తేదీ, చివరి తేదీ తెలపండి. ఖాళీ గడిని సున్నాగా తీసుకోవద్దు. ఆ తరువాత ఏయే బుట్టలలో వరుస మూడు తేదీలలో 8 లేదా అంతకు మించి నమోదయ్యాయో, మొదటిసారి ఏ తేదీన జరిగిందో పట్టికగా ఇవ్వండి.”

మొత్తాలను సరిచూడడం

చాట్‌బాట్ తెలిపిన తొలి అంకెలను స్ప్రెడ్‌షీట్‌లోనే, దాని ప్రమేయం లేకుండా లెక్కించాలి.

```
=COUNT(A2:A4501)
=COUNT(E2:E4501)
=SUM(E2:E4501)
=MIN(A2:A4501)
=MAX(A2:A4501)
```

మొదటి సూత్రానికి 4,500 రావాలి. తక్కువ వస్తే కొన్ని తేదీలు పాఠ్యంగా నిలిచిపోయాయని అర్థం. ముందు వాటిని సరిచేయాలి. ఈ దస్త్రంలో E లో సంఖ్య ఉన్న గడులు 4,110, వాటి మొత్తం 12,300 అనుకుంటే సరాసరి 2.99 అవుతుంది. చాట్‌బాట్ 2.73 అని తెలిపితే, 390 ఖాళీ గడులను సున్నాగా తీసుకొని 4,500 తో భాగించిందని వెంటనే గుర్తించవచ్చు. ప్రోగ్రాంలో `fillna(0)` అన్న పదం ఉంటే ఇదే జరిగి ఉంటుంది. పరిశీలించని రాత్రికీ, పురుగు పడని రాత్రికీ భేదం ఉంది.

దస్త్రం చివరి వరకు చదివిందో లేదో తెలుసుకొనడానికి మరొక సులువైన పరీక్ష ఉంది. దస్త్రం నకలులో చివరి వరుసలోని E గడిలో 999 నమోదు చేసి, గరిష్ఠ సంఖ్యను అడగాలి. 999 రాకపోతే చివరి వరుసలు లెక్కలోకి రాలేదు. పరీక్ష పూర్తయ్యాక ఆ నకలును తొలగించాలి.

నియమం అమలును సరిచూడడం

మొత్తాలు సరిపోతే వరుసలన్నీ చదివినట్లు తెలుస్తుంది గాని, మూడు రాత్రుల నియమం సరిగా అమలైనట్లు రుజువు కాదు. సాధారణంగా జరిగే తప్పు ఖాళీ గడుల వద్ద ఉంటుంది. ఒక బుట్టలో అక్టోబరు 9న 9, 10న ఖాళీ, 11న 8, 12న 10 నమోదయ్యాయనుకుందాం. `dropna()` ద్వారా ఖాళీ వరుసను ముందే తొలగించిన ప్రోగ్రాం 9, 11, 12 తేదీలను పక్కపక్కన చేర్చి, పరిమితి దాటినట్లు చూపుతుంది. వాస్తవానికి అవి వరుస రాత్రులు కావు.

దీనిని స్ప్రెడ్‌షీట్‌లోనే నిర్ధారించవచ్చు. దస్త్రాన్ని ముందు బుట్ట సంఖ్య, ఆపై తేదీ క్రమంలో అమర్చి, F4 గడిలో కింది సూత్రం రాసి చివరి వరుస వరకు నింపాలి.

```
=IF(AND(D2=D4,A4-A2=2,COUNT(E2:E4)=3,MIN(E2:E4)>=8),1,0)
```

మూడు వరుసలూ ఒకే బుట్టవై, తేదీలు వరుసగా ఉండి, మూడింటిలోనూ సంఖ్య నమోదై, కనిష్ఠం 8కి తగ్గనపుడే ఈ సూత్రం 1 చూపుతుంది. 1 వచ్చిన బుట్టల జాబితా చాట్‌బాట్ పట్టికతో సరిపోవాలి. తేడా వచ్చిన బుట్టలను విడిగా వడపోసి, తేదీల వారీగా కంటితో చూడాలి.

సరాసరి పరిమితి

నెలవారీ సరాసరి జూలైలో 0.8, ఆగస్టులో 1.0, సెప్టెంబరులో 2.0, అక్టోబరులో 4.0, నవంబరులో 8.0 అనుకుందాం. అక్టోబరు సరాసరి 8కి సగమే అయినా, అదే నెలలో కొన్ని బుట్టలు పరిమితి దాటి ఉండవచ్చు. ఆ గ్రామాల రైతులకు సరాసరిని చూసి సలహా ఇస్తే నవంబరు వరకు ఆలస్యమవుతుంది. కనుక నివేదికలో బుట్టల వారీ ఫలితాన్ని, తొలిసారి పరిమితి దాటిన తేదీని, ఖాళీ గడుల సంఖ్యను కలిపి ఇవ్వాలి. పరిమితి దాటలేదని తేలిన బుట్టలలో ఖాళీలు అధికంగా ఉన్నవాటిని వేరుగా చూపి, ఆ పొలాలలో పూలు, పచ్చి కాయలను స్వయంగా పరిశీలించిన తరువాతనే సలహా ఖరారు చేయాలి.