పుస్తకం మనది, మాట పిల్లలది: బడి ఈడు రాని పిల్లలకు ఇంట్లో కథ చదివి వినిపించడం ఎలా?

బడిలో కొత్త పిల్లలను చేర్చుకునే రోజున తల్లిదండ్రుల నోట మేము తరచుగా వినే మాట ఒకటుంది. "మావాడికి తెలుగు అంతా అర్థమవుతుందండీ, మాట్లాడడు, అంతే!" నిజమే. "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడు, "అన్నం తిందాం రా" అంటే వస్తాడు. ఫోనులో అమ్మమ్మ "ఏం తిన్నావురా?" అని అడిగితే మాత్రం ఫోను అమ్మ చేతిలో పెట్టేసి పారిపోతాడు. అర్థం కావడం వేరు, నోట పలకడం వేరు. మొదటిది వినగా వినగా వస్తుంది, రెండోది అనగా అనగా వస్తుంది. ఈ దేశంలో మన పిల్లలకు వినే అవకాశం ఇంట్లో ఎంతో కొంత ఉంటుంది. అనే అవకాశమే తక్కువ.

రెండు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో ఈ కొరత తీర్చడానికి రాత్రి పడుకునే ముందు చదివే కథ బాగా పనికొస్తుంది. కాకపోతే చదివే పద్ధతి కొంచెం మారాలి. ఆ పద్ధతి గురించే ఈ వ్యాసం.

చదవడంలో తేడా ఎక్కడుంది?

1988లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం ప్రకటించారు. దాదాపు 30 కుటుంబాలు, రెండు మూడేళ్ళ పిల్లలు, నాలుగు వారాలు. పిల్లలకు కథలు చదివే అలవాటు అందరి ఇళ్ళలోనూ ఉంది. సగం మంది తల్లిదండ్రులను ఎప్పటిలాగే చదవమన్నారు. మిగతా సగం మందికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చదువుతూ చదువుతూ ఆగమన్నారు. బొమ్మ చూపించి ప్రశ్న అడగమన్నారు. పిల్ల చెప్పిన మాటకు మరో మాట చేర్చి తిరిగి చెప్పమన్నారు. నెల గడిచేసరికి రెండో గుంపు పిల్లలు మాట్లాడటంలో స్పష్టంగా ముందున్నారు. తొమ్మిది నెలల తరువాత చూస్తే ఆ తేడా కొంత తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

రెండు గుంపులకూ పుస్తకాలున్నాయి, చదివేవాళ్ళున్నారు. తేడా వచ్చింది పిల్ల నోరు విప్పిన చోట. ఈ పద్ధతికి ఇంగ్లీషులో డయలాజిక్ రీడింగ్ అని పేరు. మనం కబుర్ల చదువు అనుకుందాం. ఆ ప్రయోగం జరిగింది ఇంగ్లీషులో. అయినా ఇందులోని సూత్రానికి భాషతో పనిలేదు కనుక మనం తెలుగుకు వాడుకోవచ్చు.

తెలుగు పుస్తకమే కావాలా?

ఉంటే మంచిదే. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. చెన్నైలోని తూలిక ప్రచురణల వారు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే పుస్తకాలు వేశారు. ఇండియా వెళ్ళినప్పుడు నాలుగు తెచ్చుకుంటే ఏడాదికి సరిపోతాయి. పాత పుస్తకాల్లో "వెళ్ళెను", "పలికెను" అని ఉంటే మీ ఇంట్లో ఎలా అంటారో అలా మార్చి చదవండి. గోదావరి వాళ్ళు వాళ్ళ మాటలో, కరీంనగర్ వాళ్ళు వాళ్ళ మాటలో చదవడమే సరైనది. పిల్లకు కావలసింది రేపు తాతయ్యతో మాట్లాడగలిగే తెలుగు.

తెలుగు పుస్తకం లేకపోయినా ఆగనక్కరలేదు. 2005లో కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సాంట్ ఓబాన్ అనే పరిశోధకులు, కథ వింటున్న పిల్లల చూపు పేజీలో ఎక్కడ ఉంటుందో యంత్రంతో కొలిచారు. నాలుగైదేళ్ళ పిల్లలు దాదాపు ఎప్పుడూ బొమ్మలనే చూస్తున్నారు, అక్షరాల వైపు చూపు అరుదుగా పోతోంది. ఇది మనకు రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, లైబ్రరీలో దొరికే ఇంగ్లీషు బొమ్మల పుస్తకాన్ని తెలుగులో చెబితే పిల్లకు ఇబ్బంది ఏమీ ఉండదు. రెండు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివినంత మాత్రాన అక్షరాలు వాటంతట అవి రావు. అక్షరాలు నేర్పడం వేరే పని, దానికి బడి ఉంది.

నాలుగు అడుగులు

ఒక పుస్తకంతో చూద్దాం. ఎరిక్ కార్ల్ 1969లో రాసి బొమ్మలు వేసిన 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' ఇక్కడి లైబ్రరీలలో తేలికగా దొరుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు పియర్లు, ఇలా రోజుకొకటి పెంచుకుంటూ తింటుంది. చివరకు గూడు కట్టుకుని సీతాకోకచిలుక అవుతుంది. తిన్న పండు మీద నిజంగానే కన్నం ఉంటుంది, పిల్లలు అందులో వేలు పెట్టి చూస్తారు. ముందుగా మీరు ఒక్కరే పుస్తకం ఒకసారి తిరగేసి, తెలుగులో ఏ మాటలు వాడాలో అనుకోండి: గుడ్డు, గొంగళిపురుగు, ఆకలి, కన్నం, ఆకు, గూడు, సీతాకోకచిలుక. ఈ ఏడు మాటలు చాలు.

మూడేళ్ళ పాపతో అమ్మ చదువుతోందనుకుందాం.

మొదటి అడుగు, అడగడం. "ఇదేం తింటోంది, అమ్మలూ?" అడిగాక ఆగాలి. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. ఈ ఐదు అంకెలే అన్నిటికన్నా కష్టం. మనలో చాలామందిమి రెండు దగ్గరే జవాబు చెప్పేస్తాం.

రెండో అడుగు, ఒప్పుకోవడం. పాప "యాపిల్" అంటుంది. "ఆఁ, యాపిలే!" అనండి.

మూడో అడుగు, పెంచడం. పాప అన్నది ఒక మాట. దానికి ఒకటి రెండు చేర్చండి: "ఎర్ర యాపిల్ తింది."

నాలుగో అడుగు, అనిపించడం. "నువ్వు కూడా చెప్పు, ఎర్ర యాపిల్ తింది." పాప అంటుంది. కాస్త తడబడి "ఎర్ర యాపిల్ తిన్నది" అన్నా సంతోషమే. పేజీ తిప్పండి.

ఇదంతా అర నిమిషం పని. ఇక్కడ యాపిల్ ఇంగ్లీషు మాటే కదా అని బెంగ పడకండి. పండు పేరు ఏదైనా పరవాలేదు. "ఎర్ర", "తింది" అన్నవే తెలుగు వాక్యాన్ని నిలబెట్టే మాటలు. పియర్‌కు తెలుగు పేరు వెతుక్కుంటూ కూర్చుంటే కథ ఆగిపోతుంది.

ఇంగ్లీషులో జవాబిస్తే?

ఇస్తారు, ముఖ్యంగా ప్రీస్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాక. అమ్మ "ఎందుకు తింటోంది?" అంటే పాప "బికాజ్ హీ ఈజ్ హంగ్రీ" అంటుంది. అప్పుడు "తెలుగులో చెప్పు!" అని గద్దించకండి. అలా అంటే కథ పరీక్ష అయిపోతుంది. పాప చెప్పిన అర్థం సరైనదే కనుక దాన్ని ఒప్పుకుని, అదే అర్థాన్ని తెలుగులో తిరిగి ఇవ్వండి: "అవును, దానికి ఆకలి వేస్తోంది. నీకు ఆకలి వేస్తోందా?" పాప "నాకు ఆకలి వేస్తోంది" అంటే ఆ రోజుకు పెద్ద లాభం.

ఎందుకంటే ఇంగ్లీషు ప్రభావంతో మన పిల్లలు "నేను ఆకలి" అని, "అది ఆకలిగా ఉంది" అని అంటూ ఉంటారు. తెలుగులో ఆకలి మనకు వేస్తుంది, నిద్ర మనకు వస్తుంది, భయం మనకు వేస్తుంది. ఈ "నాకు, దానికి" అన్న కట్టు పాఠంగా చెబితే పిల్లలకు ఎక్కదు, కథలో పదిసార్లు వింటే, నాలుగుసార్లు అంటే పట్టుబడుతుంది. ఈ పుస్తకంలో ప్రతిరోజూ తిన్నాక పురుగుకు ఇంకా ఆకలిగానే ఉంటుంది కనుక ఆ వాక్యం దానంతట అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇలా ఒకే వాక్యం తిరిగి తిరిగి వచ్చే పుస్తకాలనే ఏరుకోండి.

అదే పుస్తకం, వేరే ప్రశ్నలు

పిల్లలు ఒకే పుస్తకం రోజూ కావాలంటారు. విసుక్కోకండి, అది మన మంచికే. మొదటి రెండు రోజులు "ఇదేమిటి?", "ఏం చేస్తోంది?" అన్నవి చాలు. మూడో రోజు నుంచి వాక్యం చివర ఖాళీ వదలండి: "బుధవారం మూడు ప్లమ్స్ తింది, అయినా దానికి ఇంకా..." అని ఆగితే పాప "ఆకలి!" అని అందుకుంటుంది. రెండో వారం వచ్చేసరికి "శనివారం అన్నీ తిన్నాక దానికి ఏమైంది?" అని జ్ఞాపకం నుంచి చెప్పించండి. కథ బాగా తెలిశాక పుస్తకం దాటి ఇంట్లోకి రండి: "నువ్వు ఇవాళ ఏం తిన్నావు?" "మన ఇంట్లో ఎంతమందిమి?" పండ్లు రెండు, మనుషులు ఇద్దరు అన్న తేడా ఇలాంటి చోటే తెలుస్తుంది. నాలుగు దాటిన పిల్లలైతే చివరకు పుస్తకం వాళ్ళ చేతికిచ్చి "ఇవాళ నువ్వు నాకు చెప్పు" అనండి.

ఎక్కడ చెడుతుంది?

ప్రతి పేజీలో నాలుగు ప్రశ్నలు వేస్తే చెడుతుంది. పిల్ల పేజీలు గబగబా తిప్పేయడం, పుస్తకం మూసేయడం, ఒళ్ళోంచి జారిపోవడం దానికి గుర్తులు. అప్పుడు ప్రశ్నలు మానేసి కథ మాత్రం చెప్పండి. రెండు మూడు పేజీలకు ఒక ప్రశ్న చాలు. "అవునా, కాదా" అన్న ప్రశ్నలు వేసినా లాభం లేదు. తల ఊపితే సరిపోయే ప్రశ్నకు మాట ఎందుకు వస్తుంది? పదిహేను నిమిషాలు దాటించకండి, పది చాలు.

సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ పద్ధతి ఒకటి చెబుతాం. వారానికి ఒక రాత్రి పిల్ల నోట వచ్చిన తెలుగు వాక్యాలు లెక్కపెట్టి, క్యాలెండరులో ఆ తేదీ పక్కన అంకె వేయండి. రెండు మాటలు కలిస్తే ఒక వాక్యం అనుకోండి. మొదటి వారం రెండో మూడో ఉంటాయి. నెల తరువాత కూడా ఆ అంకె కదలకపోతే, మనమే ఎక్కువ మాట్లాడుతున్నామేమో చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు, కనుక ఆ భయంతో తెలుగు మానకండి. అలాగే, రెండేళ్ళు నిండినా రెండు భాషల్లోనూ కలిపి రెండేసి మాటలు జోడించలేకపోతే, పిలిచినా పలకకపోతే, కథలతో సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పుడు ఇంట్లో మాట్లాడేది తెలుగని, పిల్లకు తెలుగులో ఏ మాటలు వచ్చో కూడా డాక్టరుకు చెప్పండి. ఇంగ్లీషు మాటలు మాత్రమే లెక్కపెడితే పిల్లకు నిజంగా ఎంత వచ్చో తెలియదు.

ఈ వారాంతం లైబ్రరీకి వెళ్ళినప్పుడు బొమ్మలు పెద్దవిగా, వాక్యాలు తక్కువగా ఉన్న పుస్తకం ఒక్కటి తెచ్చుకోండి. అందులోంచి ఏడు తెలుగు మాటలు ఏరి ఒక చీటీ మీద రాసి, మొదటి పేజీలో పెట్టుకోండి. అమ్మ చదివే రోజు అమ్మ, నాన్న చదివే రోజు నాన్న అవే మాటలు వాడితే, రెండు వారాల్లో ఆ చీటీ అవసరం మీకు ఉండదు.