యాడ్‌ను రోజూ కెలికితే

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌కు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు మొదలై మూడు రోజులైందనుకుందాం. మొత్తం మూడు యాడ్ సెట్లు, ఒక్కోదానికి రోజుకు 500 రూపాయలు. నిన్న ఒక సెట్‌లో లీడ్లు సున్నా. పొద్దున్నే యజమాని ఫోన్: "ఏంటమ్మా, డబ్బులు పోతున్నాయి గానీ ఎంక్వైరీలు రావట్లేదు. ఏదో ఒకటి మార్చండి!" ఏజెన్సీలో కొత్తగా చేరిన అమ్మాయి కంగారుపడి ఫొటో మార్చేస్తుంది, సాయంత్రానికి వయసు పరిధి మారుస్తుంది. పని జరిగినట్టే కనిపిస్తుంది గానీ, యాడ్ మళ్లీ మొదటికొస్తుంది.

పెయిడ్ క్యాంపెయిన్ల ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు లెర్నింగ్ ఫేజ్ అన్న మాట తెలిసే ఉంటుంది. దాని వెనక ఉన్న లెక్క తెలిసినవాళ్లు తక్కువ.

యాడ్ చూపే ప్రతి చోటా ఒక వేలం జరుగుతుంది. బిడ్, యాడ్ నాణ్యతలతోపాటు, ఈ మనిషి ఫారం నింపే అవకాశం ఎంత అన్న అంచనా కూడా అక్కడ లెక్కకు వస్తుంది. కొత్త యాడ్ సెట్‌కు ఆ అంచనా కచ్చాగా ఉంటుంది. అందుకే సిస్టమ్ మొదట్లో రకరకాల మనుషులకు చూపించి, ఎవరు స్పందిస్తున్నారో చూసి సరిదిద్దుకుంటుంది. ఆ రోజుల్లో లీడ్ ధర ఎగుడుదిగుడుగా ఉండటం మామూలే. చివరి పెద్ద మార్పు తర్వాత వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే ఈ దశ దాటుతుందని మెటా చెబుతుంది. అన్ని ఫలితాలు వచ్చే సూచన లేకపోతే డెలివరీ కాలమ్‌లో Learning బదులు Learning limited అని పడుతుంది.

ఇప్పుడు కోచింగ్ సెంటర్ లెక్కకు వద్దాం. లీడ్‌కు 200 రూపాయలు పడుతోందనుకుంటే, 500తో రోజుకు సగటున రెండున్నర, వారానికి 17 లేదా 18 లీడ్లు. ఎవరూ చెయ్యి పెట్టకపోయినా ఆ సెట్ 50కి చేరదు. ఇంకో సంగతి. సగటు రెండున్నర ఉన్నచోట కేవలం యాదృచ్ఛికంగానే పన్నెండు రోజులకొకసారి సున్నా పడుతుంది. మూడు సెట్లలో ఏదో ఒకటి సున్నా చూపే రోజు నాలుగైదు రోజులకొకసారి వస్తుంది. యజమానిని ఫోన్ చేయించిన సున్నా అలాంటిదే కావచ్చు. దాన్ని చూసి మార్చినప్పుడల్లా పోగైన కాసిని ఫలితాలూ లెక్కలోంచి పోతాయి.

ఇక్కడ మార్చాల్సింది ఫొటోను కాదు. మూడు సెట్లనూ ఒకటి చేసి 1,500 పెడితే, అదే ధరకు వారంలో 52 లీడ్ల దాకా వస్తాయి. ఖర్చు పైసా పెరగలేదు. అయితే కలపడం కూడా పెద్ద మార్పే కాబట్టి ఒక్కసారి చేసి వదిలేయాలి.

అన్ని మార్పులూ లెక్కను చెరపవు. పేరు మారిస్తే ఏమీ కాదు. టార్గెటింగ్, యాడ్‌లోని బొమ్మ లేదా రాత, ఏ ఫలితం కావాలన్న ఎంపిక మారితే మళ్లీ మొదటికే. పాత సెట్‌లో కొత్త యాడ్ చేర్చినా, ఏడు రోజులో అంతకంటే ఎక్కువో ఆపి తిరిగి నడిపినా అంతే. బడ్జెట్ విషయంలో సిస్టమ్ మార్పు ఎంతన్నది చూస్తుంది. 1,500ను 1,550 చేస్తే పట్టించుకోదు, 15,000 చేస్తే మళ్లీ నేర్చుకోవడం మొదలుపెడుతుంది. ఎక్కడ గీత గీయాలో మెటా కచ్చితమైన అంకె ఇవ్వలేదు. ఒక్కసారి 20 శాతానికి మించొద్దన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న జాగ్రత్త మాత్రమే. గూగుల్ యాడ్స్‌లోనూ స్మార్ట్ బిడ్డింగ్‌కు Learning స్థితి కనిపిస్తుంది.

అలాగని తప్పు కనిపించినా చేతులు కట్టుకు కూర్చోకూడదు. ఫోన్ నంబర్ తప్పుగా పడితే, ఫారం తెరుచుకోకపోతే, బ్యాచ్ తేదీ మారితే ఆ క్షణమే దిద్దాలి. లెర్నింగ్ పోతే పోయింది! తొందర లేని మార్పులను మాత్రం రాసిపెట్టుకుని, అన్నీ ఒకేసారి చేయడం మేలు.

ఇంటర్వ్యూలో "మూడో రోజు లీడ్లు పడిపోతే ఏం చేస్తావు?" అని అడిగితే ఈ వరుసలో చెప్పవచ్చు: ముందు ఫారం స్వయంగా నింపి చూడటం, ఆ తర్వాత చివరి పెద్ద మార్పు ఎప్పుడు జరిగిందో, అప్పటినుంచి ఎన్ని లీడ్లు వచ్చాయో చూడటం. ఆ అంకె పన్నెండో పదిహేనో అయితే ఇంకా తీర్పు చెప్పలేం. అదే 50 దాటి, లెర్నింగ్ ముగిసి, లీడ్ ధర ఇంకా ఎక్కువగానే నిలిచిందంటే అప్పుడు బొమ్మనో, రాతనో, కోర్సు ఫీజునో చూడాలి.