దండుమల్కాపురం నుంచి ఒక ప్రెస్ నోట్

కొత్త ఫ్యాక్టరీ గురించి పత్రికలకు పంపే ప్రకటన ఎలా రాయాలో క్లబ్బులో చాలామంది అడిగారు. ఇంటర్న్‌షిప్‌కి పోయిన చోట "మీరు చదువుకున్నోళ్లు గదా, ఒక ప్రెస్ నోట్ రాసివ్వండి" అనే మాట మనలో చాలామందికి ఎదురైందే. అందుకే మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒకటి రాసి చూద్దాం.

చౌటుప్పల్ మండలం దండుమల్కాపురంలో తెలంగాణ పారిశ్రామికవేత్తల సమాఖ్య, టీఎస్‌ఐఐసీ కలిసి 400 ఎకరాలకు పైగా స్థలంలో చిన్న పరిశ్రమల పార్కు పెట్టాయి. 2019 నవంబర్ 1న అప్పటి పరిశ్రమల మంత్రి కేటీఆర్ దాన్ని ప్రారంభించారు. ఇక్కడే మనకు మొదటి పాఠం ఉంది. పార్కు ప్రారంభమైందంటే రోడ్లు, ప్లాట్లు సిద్ధమైనట్టు. లోపల ఫ్యాక్టరీలు నడుస్తున్నట్టు కాదు. ఒక్కో యూనిట్‌కీ శంకుస్థాపన, ట్రయల్ రన్, వాణిజ్య ఉత్పత్తి అని వేరువేరు రోజులుంటాయి. "ప్రారంభం" అనే ఒక్క మాట ఈ మూడింటికీ సరిపోతుంది. అందుకే అది ప్రమాదకరమైన మాట. ప్రకటనలో ఏ దశో చెప్పాలి.

ఆ పార్కులో ప్లాస్టిక్ డబ్బాలు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. లెక్కలు నేను ఊహించినవే. రెండు షిఫ్టులు నడిస్తే రోజుకు 20 వేల డబ్బాలు, 40 మంది పనివాళ్లు. కానీ ఇప్పుడు నడిచేది ఒక్క షిఫ్టే. పనిలో ఉన్నది 22 మంది, రోజుకు వచ్చేది 10 వేల డబ్బాలు.

ఓనరు చెప్పే శీర్షిక ఇలా ఉంటుంది: "అత్యాధునిక పరిశ్రమ ఘనంగా ప్రారంభం". ఇందులో ఊరు లేదు, వస్తువు లేదు, మనిషి లేడు. నేనైతే ఇలా రాస్తా: "దండుమల్కాపురంలో డబ్బాల తయారీ మొదలు, తొలి షిఫ్టులో 22 మందికి పని".

మొదటి పేరా అక్కడి నుంచే పుడుతుంది.

"చౌటుప్పల్, యాదాద్రి భువనగిరి జిల్లా: దండుమల్కాపురం పారిశ్రామిక పార్కులో ప్లాస్టిక్ డబ్బాల యూనిట్ సోమవారం వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ప్రస్తుతం ఒక షిఫ్టులో రోజుకు 10 వేల డబ్బాలు తయారవుతాయి. రెండో షిఫ్టు మొదలైతే ఉద్యోగుల సంఖ్య 22 నుంచి 40కి పెరుగుతుంది."

(జిల్లా పేరు సరిచూసుకోండి. 2016 అక్టోబర్ దాకా చౌటుప్పల్ నల్లగొండ జిల్లా. పాత లెటర్‌హెడ్ చూసి రాస్తే అక్కడే దొరికిపోతాం.)

40 అనే అంకె ఒక్కటే రాస్తే ఏమవుతుంది? సంస్థాన్ నారాయణపురం నుంచి ఒక ఐటీఐ పిల్లగాడు సర్టిఫికెట్లు పట్టుకుని బస్సెక్కి వస్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇప్పుడు ఖాళీల్లేవు" అంటాడు. ఆ రోజు కూలీ, బస్సు కిరాయి రెండూ పోయినట్టే. అందుకే ఇప్పుడు ఎంతమంది, తర్వాత ఎంతమంది, ఏ చదువుకి, కాంట్రాక్టా పర్మినెంటా అన్నది విడివిడిగా రాయాలి. "ప్రత్యక్షంగా, పరోక్షంగా" అని కలిపి పెద్ద అంకె వేస్తే, ఆ పరోక్షాన్ని ఎట్లా లెక్కగట్టారని విలేకరి అడుగుతాడు. చెప్పలేకపోతే వేయొద్దు.

ఇక అధికారి మాట. "ఎంతో సంతోషంగా ఉంది" అనే వాక్యాన్ని డెస్కులో మొదట కొట్టేస్తారు. అంకెలు పేరాలో చెప్పేశాం కాబట్టి, ఆ మనిషి మాత్రమే చెప్పగలిగింది కోట్‌లోకి రావాలి. మన యూనిట్ భాగస్వామి నోట ఇలా పెట్టొచ్చు: "రెండో షిఫ్టు ఆర్డర్ల మీద ఆధారపడి ఉంది. ఆర్డర్లు నిలబడితేనే మిగతా 18 మందిని తీసుకుంటాం." మనం రాసినా సరే, ఆయనకు చదివి వినిపించి ఒప్పుకున్నాకే పంపాలి.

చౌటుప్పల్ చుట్టుపక్కల మందులు, రసాయనాల కంపెనీలు చాలా ఉన్నాయి. దివీస్ తన మొదటి ప్లాంటు 1995లో ఇక్కడే పెట్టింది. కాబట్టి స్థానిక విలేకరి అడిగే తొలి ప్రశ్న మురుగునీళ్ల గురించే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి రెండు మెట్లు: కట్టడానికి ఒకటి, నడపడానికి ఇంకొకటి. మొదటిది మాత్రమే చేతిలో ఉంచుకుని "అన్ని అనుమతులూ ఉన్నాయి" అని రాయడం అబద్ధం. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయి ఉంటే ఇంకో మెట్టుంది. కొత్త యూనిట్ వాణిజ్య ఉత్పత్తి మొదలవడం కీలక సమాచారమైతే సెబీ నిబంధనల ప్రకారం ఎక్స్ఛేంజికి తెలపాలి. అది పోకముందే పేపరు వాళ్లకు పంపొద్దు.

చివరి పెట్టెలో సంప్రదించాల్సిన మనిషి పేరు, హోదా, మొబైల్, మెయిల్ ఉండాలి. రిసెప్షన్ నంబరు పనికిరాదు. పేజీలు కట్టేది సాయంత్రం తర్వాత, రిసెప్షన్ మూసేది అంతకుముందే. రాత్రి ఫోన్ ఎత్తి "22 మందా, 40 మందా?" అంటే వెంటనే జవాబు చెప్పగలిగే మనిషి నంబరే వేయాలి.