థంబ్‌నెయిల్ సీటీఆర్ 9 శాతం వచ్చినా వీడియో ఎందుకు ఆగిపోతుంది?

యూట్యూబ్‌లో వీడియో పెట్టాక అందరూ ముందు చూసేది వ్యూస్. కొంచెం అలవాటు పడ్డాక చూసేది సీటీఆర్, అంటే క్లిక్-త్రూ రేట్. అది పెరిగితే థంబ్‌నెయిల్ హిట్టు, తగ్గితే ఫట్టు అని లెక్కేసుకుంటాం. నా చిన్న ఛానెల్‌కి నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. ఒక ఛార్జర్ వీడియోకి "ఈ ఛార్జర్ వాడితే మీ ఫోన్ పేలుతుంది!" అని టైటిల్ పెట్టాను. వీడియోలో ఉన్నది మాత్రం ఛార్జర్ కాస్త వేడెక్కుతోందన్న సంగతే. సీటీఆర్ బాగా పెరిగింది. రెండు రోజులకే వీడియో ఆగిపోయింది. ఎందుకో తెలియాలంటే ముందు ఈ నంబర్ ఎలా వస్తుందో చూడాలి.

సీటీఆర్‌ని ఎలా కొలుస్తారు?

మీ థంబ్‌నెయిల్ ఎవరికైనా కనిపిస్తే అది ఒక ఇంప్రెషన్. కానీ వేగంగా స్క్రోల్ చేస్తూ దాటేసిన ప్రతిదీ లెక్కలోకి రాదు. థంబ్‌నెయిల్‌లో కనీసం సగం భాగం స్క్రీన్ మీద ఉండాలి, ఒక సెకను కంటే ఎక్కువ సేపు ఉండాలి. అప్పుడే యూట్యూబ్ దాన్ని ఇంప్రెషన్‌గా లెక్కేస్తుంది. ఆ తర్వాత లెక్క సింపుల్:

```
సీటీఆర్ = (ఇంప్రెషన్ల నుంచి వచ్చిన వ్యూస్ ÷ ఇంప్రెషన్లు) × 100
```

10,000 ఇంప్రెషన్లకి 500 వ్యూస్ వస్తే సీటీఆర్ 5 శాతం.

ఇక్కడ "ఇంప్రెషన్ల నుంచి వచ్చిన వ్యూస్" అన్న మాట గమనించండి. మీరు వాట్సాప్ గ్రూపులో లింక్ పెడితే వచ్చే వ్యూస్ ఇందులో ఉండవు. నోటిఫికేషన్ నొక్కి వచ్చినవాళ్లు, వేరే వెబ్‌సైట్‌లో పెట్టిన ప్లేయర్‌లో చూసినవాళ్లు, ఎండ్ స్క్రీన్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకి రారు. అందుకే మొత్తం వ్యూస్‌ని ఇంప్రెషన్లతో భాగిస్తే స్టూడియోలో కనిపించే శాతం రాదు.

మరి ఎంత వస్తే మంచిది? సగం ఛానెళ్లకీ, వీడియోలకీ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబ్ హెల్ప్ పేజీయే చెబుతుంది. అంత పెద్ద తేడా ఉన్నప్పుడు మీ 5 శాతాన్ని ఇంకొకరి 8 శాతంతో పోల్చి బాధపడటంలో అర్థం లేదు.

ఒకే వీడియో, రెండు టైటిల్స్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇది లెక్క కోసం తీసుకున్న ఉదాహరణ. 15 వేల రూపాయల ఫోన్ మీద 8 నిమిషాల రివ్యూ చేశారనుకోండి. ఫోన్ బాగానే ఉంది, ఛార్జింగ్ మాత్రం స్లో. వీడియోలో అదే చెప్పారు.

మొదటి టైటిల్ "ఈ ఫోన్ అస్సలు కొనొద్దు!". థంబ్‌నెయిల్‌లో ఎర్ర క్రాస్ మార్కు, పగిలిన స్క్రీన్. 10,000 ఇంప్రెషన్లకి సీటీఆర్ 9 శాతం, అంటే 900 వ్యూస్. కానీ వీడియోలో పగిలిన స్క్రీనూ లేదు, కొనొద్దన్న మాటా లేదు. ఒక్కొక్కరు సగటున 70 సెకన్లు చూసి వెళ్లిపోయారు. మొత్తం వాచ్ టైమ్ 63,000 సెకన్లు.

రెండో టైటిల్ "15 వేల ఫోన్ నెల రోజులు వాడాక: అంతా ఓకే, ఒక్కటి తప్ప". థంబ్‌నెయిల్‌లో ఛార్జింగ్ పెట్టిన ఫోన్, పక్కన టైమర్. సీటీఆర్ 5 శాతమే, 500 వ్యూస్. కానీ ఆ ఒక్కటీ ఏంటో తెలుసుకుందామని వచ్చినవాళ్లకి అదే దొరికింది. సగటున 240 సెకన్లు చూశారు. మొత్తం 1,20,000 సెకన్లు.

ఇప్పుడు రెండింటినీ ఇంప్రెషన్లతో భాగించండి. మొదటిది ఒక్కో ఇంప్రెషన్‌కి 6.3 సెకన్లు తెచ్చింది, రెండోది 12 సెకన్లు. క్లిక్స్ దాదాపు రెట్టింపు ఉన్న టైటిల్ వాచ్ టైమ్‌లో దాదాపు సగానికి పడిపోయింది.

ఈ భాగహారం నేను సరదాకి చేసింది కాదు. యూట్యూబ్ రికమెండేషన్ సిస్టమ్ గురించి గూగుల్ ఇంజినీర్లు 2016లో ఒక పేపర్ ప్రచురించారు. క్లిక్ రేట్‌ని బట్టి ర్యాంక్ ఇస్తే, జనం పూర్తిగా చూడని మోసపు వీడియోలే పైకి వస్తాయని అందులో రాశారు. అందుకే ఒక ఇంప్రెషన్‌కి ఎంత వాచ్ టైమ్ రావచ్చో అంచనా వేసి ర్యాంక్ ఇచ్చే పద్ధతిని వివరించారు. ఆ తర్వాత సిస్టమ్ చాలా మారింది, సర్వేల ద్వారా ప్రేక్షకుల సంతృప్తిని కూడా చూస్తున్నారు. కానీ ఒక్క క్లిక్‌తో పని అయిపోదన్న సూత్రం అలాగే ఉంది.

దెబ్బ తర్వాతి వీడియోకి కూడా

అదే పేపర్‌లో ఇంకో సంగతి ఉంది. ఒక వీడియోని మీకు చూపించాలా వద్దా అనేదానికి ముఖ్యమైన సంకేతాల్లో ఒకటి, ఆ ఛానెల్‌తో మీ పాత అనుభవం. అంటే "కొనొద్దు" అని నమ్మి వచ్చి 70 సెకన్లకి వెళ్లిపోయిన మనిషి ఒక వ్యూగా మిగిలిపోడు. వచ్చే వారం మీరు నిజంగా మంచి వీడియో పెట్టినా అతని హోమ్ పేజీలో అది కిందకి పోవచ్చు. కనిపించినా "మళ్లీ వీడేనా" అని దాటేస్తాడు. అప్పుడు ఆ నిజాయితీ థంబ్‌నెయిల్‌కి సీటీఆర్ తగ్గుతుంది. తప్పు పాత వీడియోది, శిక్ష కొత్త వీడియోకి.

ఇప్పుడు రూల్స్ పరంగా కూడా రిస్క్ ఉంది. వీడియోలో లేనిదాన్ని టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో చూపించే వాటి మీద, ముఖ్యంగా బ్రేకింగ్ న్యూస్, వర్తమాన విషయాల్లో, మన దేశంలో చర్యలు పెంచుతామని యూట్యూబ్ 2024 డిసెంబర్‌లో ప్రకటించింది.

సీటీఆర్ తగ్గితే కంగారు పడాలా?

ప్రతిసారీ కాదు. మొదటి రోజు మీ వీడియో ఎక్కువగా మీ సబ్‌స్క్రైబర్లకే కనిపిస్తుంది. 2,000 ఇంప్రెషన్లకి 10 శాతం, అంటే 200 వ్యూస్ వచ్చాయనుకోండి. తర్వాత యూట్యూబ్ మీరెవరో తెలియని 50,000 మందికి చూపించింది, 4 శాతం వచ్చింది, అంటే 2,000 వ్యూస్. మొత్తం సీటీఆర్ 10 నుంచి 4.2కి పడింది, కానీ వీడియో పెద్దదవుతోంది. ఇలాంటప్పుడు భయపడి థంబ్‌నెయిల్ మార్చి పాడు చేసుకునేవాళ్లు చాలామంది. ముందు ట్రాఫిక్ సోర్స్ వారీగా విడదీసి చూడండి. సెర్చ్‌ని సెర్చ్‌తో, హోమ్‌ని హోమ్‌తోనే పోల్చండి.

మరి టైటిల్ మోసం చేసిందని ఎలా తెలుస్తుంది? సీటీఆర్ పక్కనే రిటెన్షన్ గ్రాఫ్ తెరవండి. ప్రతి వీడియోకీ మొదటి 30 సెకన్లలో కొంతమంది పోతారు, అది మామూలే. మీ మిగతా వీడియోల కంటే సీటీఆర్ ఎక్కువగా, ఆ 30 సెకన్లలో పతనం కూడా ఎక్కువగా ఉంటే అనుమానించాల్సింది టైటిల్‌నే. సీటీఆర్ మామూలుగానే ఉండి పతనం ఎక్కువైతే మీ ఇంట్రో సాగుతోందేమో చూసుకోండి. సెర్చ్ నుంచి వచ్చి, సెట్టింగ్ ఎక్కడుందో చూసుకుని నిమిషంలో వెళ్లిపోయినవాళ్లు మాత్రం మోసపోయినట్టు కాదు, వాళ్ల పని అయిపోయింది.

థంబ్‌నెయిల్స్ పరీక్షించాలంటే స్టూడియోలోనే దానికి సదుపాయం ఉంది. మూడు థంబ్‌నెయిల్స్ దాకా పెట్టొచ్చు. అది విజేతని ఎంచేది సీటీఆర్‌ని బట్టి కాదు, వాచ్ టైమ్‌లో వచ్చిన వాటాని బట్టి.

నా ఛార్జర్ వీడియో టైటిల్‌ని చివరికి "ఈ ఛార్జర్ ఎందుకు వేడెక్కుతోంది?" అని మార్చాను. సీటీఆర్ తగ్గింది. "పేలుడు ఎక్కడ బ్రో?" అనే కామెంట్లు కూడా ఆగిపోయాయి.